టైమ్‌కోడ్ కలిసినా మాట కలవనప్పుడు

ప్రశ్న: నమస్కారం సార్. మేము చెన్నైలో ఉంటున్న నలుగురు తెలుగు మిత్రులం. మైలాపూరులో ఉండే ఒక హరిదాసు గారి మీద డాక్యుమెంటరీ తీస్తున్నాం. ఉదయం ఆయన ఇంట్లో సంభాషణలు, సాయంత్రం ఒక సభలో గంటసేపు సాగిన హరికథ చిత్రించాం. ధ్వనిని వేరే రికార్డరులో పట్టాం. మెయిన్ కెమెరాకు, ప్రతి ఫ్రేముకూ గడియారపు సమయాన్ని పేరుగా ఇచ్చే టైమ్‌కోడ్ బాక్స్ తగిలించాం, ఉదయం ప్రతి టేకుకూ క్లాప్ కొట్టాం. ఎడిటింగు సాఫ్ట్‌వేర్ డావిన్చీ రిజాల్వ్‌లో 24 ఫ్రేముల ప్రాజెక్టు తెరిచి టైమ్‌కోడ్ ఆధారంగా సింక్ చేస్తే, ఉదయం పదిన్నరకు తీసిన టేకులో పెదవులు ఒక మాట పలుకుతుంటే దాదాపు 38 సెకండ్ల ముందటి మాట వినిపిస్తోంది. సాయంత్రం హరికథలో ఆ తేడా నిమిషం దాటింది. హాలు వెనుక పెట్టిన రెండో కెమెరాకు టైమ్‌కోడ్ లేదు, అది ఆలస్యంగా రోల్ కావడంతో క్లాప్ కూడా అందలేదు. దాన్ని ధ్వని తరంగాల పోలికతో సింక్ చేస్తే మాట మొదట్లోనే కొద్దిగా ఆలస్యంగా ఉంది, చివరికి ఇంకా ఆలస్యమైంది. "ముందు ఎడిట్ చేసేద్దాం, సింక్ తర్వాత చూసుకుందాం" అంటున్నాడు మా దర్శకుడు. ఏం చేయమంటారు?
— ఒక పాఠకుడు, వడపళని, చెన్నై

సమాధానం: ముందుగా మీ దర్శకుడిని కొంచెం ఆగమనండి. మీ రెండు కెమెరాల జబ్బులూ వేరువేరు. మెయిన్ కెమెరాది చూడటానికి భయంకరంగా ఉన్నా నిమిషాల్లో నయమయ్యేది, వెనుక కెమెరాది చిన్నదిగా కనిపించినా ఓపిక అడిగేది. రెండింటినీ ఒకే మందుతో నయం చేయాలని చూస్తే, అంటే ప్రతి క్లిప్పు కిందా ధ్వనిని చేత్తో జరుపుకుంటూ పోతే, మెయిన్ కెమెరా విషయంలో అనవసరంగా శ్రమపడతారు, వెనుక కెమెరా విషయంలో శ్రమపడినా ఫలితం రాదు.

మెయిన్ కెమెరా సంగతి మొదట చూద్దాం. మీరు రాసిన రెండు అంకెలలోనే కారణం దొరుకుతుంది. ఉదయం పదిన్నరకు 38 సెకండ్లు, సాయంత్రం నిమిషానికి పైగా అన్నారు. అంటే తేడా గడియారంతో పాటు పెరుగుతోంది. టైమ్‌కోడ్ అర్ధరాత్రి నుంచి నడిచే గడియారం కనుక, 38ని పదిన్నరతో భాగిస్తే గంటకు సుమారు 3.6 సెకండ్లు వస్తుంది. గంటకు 3600 సెకండ్లు కనుక ఇది సరిగ్గా వెయ్యో వంతు. సినిమా సామగ్రిలో ఈ వెయ్యో వంతు ఎక్కడ కనిపించినా మొదట అనుమానించవలసింది ఒక్కదాన్నే: ఎవరో 23.976నూ 24నూ ఒకటే అనుకున్నారు. చాలా కెమెరాల మెనూలో 24p అని కనిపించేది నిజానికి సెకండుకు 23.976 ఫ్రేములు. మీ కెమెరా, బాక్సు, రికార్డరు మూడూ 23.976 మీదే ఉండి ఉంటాయి. 24 మీద ఉన్నది మీరు ఎడిటింగుకు తెరిచిన ప్రాజెక్టు ఒక్కటే.

ప్రాజెక్టు రేటు తప్పితే ఆడియో గడియారం ఎందుకు తప్పుతుందన్న సందేహం సహజం. చిత్రం ఫైలులో టైమ్‌కోడ్ ఒక చీటీలా ఉంటుంది: ఈ మొదటి ఫ్రేము పేరు 10:30:00:00 అని నేరుగా రాసి ఉంటుంది, దాన్ని ఏ సాఫ్ట్‌వేర్ చదివినా అంతే చదువుతుంది. రికార్డరు రాసే వేవ్ ఫైలులో గంటలూ నిమిషాలూ ఆ రూపంలో ఉండవు. టైమ్‌కోడ్ అర్ధరాత్రి సున్నా నుంచి ఈ ఫైలు మొదలయ్యే వరకు ఎన్ని శాంపిళ్లు, అంటే ధ్వనిని కొలిచిన బిందువులు, గడిచాయో, ఆ ఒక్క సంఖ్య మాత్రమే ఉంటుంది. ఆ సంఖ్యను మళ్లీ గంటలు, నిమిషాలు, ఫ్రేములుగా మార్చుకోవలసిన భారం చదివే సాఫ్ట్‌వేర్‌ది, అది ప్రాజెక్టు ఫ్రేమ్ రేటును బట్టి ఆ లెక్క కడుతుంది. సౌండ్ వారు ఏ రేటు పెట్టారో ఫైలులో మరోచోట రాసి ఉన్నా, దాన్ని పట్టించుకోని ప్రోగ్రాములు ఉన్నాయి.

దీన్ని మీ కంటితో చూసుకోవాలంటే పదిన్నర గంటల టేకు వేవ్ ఫైలు తీసుకుని, కమాండ్ విండోలో, ఫైలు వివరాలు చూపే ffprobe ప్రోగ్రాముతో, ఇలా అడగండి. ఫైలు పేరు మీదే పెట్టుకోండి.

```
ffprobe -v error -show_entries format_tags=time_reference T001.WAV
```

సౌండ్ రిపోర్టులో ఆ టేకు 10:30:00:00 దగ్గర మొదలైనట్టు ఉంటే, జవాబుగా 1816214400 వస్తుంది. దాన్ని 48 కిలోహెర్ట్జ్ శాంపిల్ రేటుతో భాగించి చూడండి.

```
1816214400 / 48000 = 37837.8
37837.8 / 1.001    = 37800
```

పదిన్నర గంటలంటే 37800 సెకండ్లు, కానీ 23.976 మీద నడిచే టైమ్‌కోడులో ఒక సెకండు నిజానికి 1.001 సెకండు. 24 ఫ్రేముల ప్రాజెక్టు ఆ 37837.8ను ఉన్నదున్నట్టు గంటల్లోకి మార్చి, ఫైలు 10:30:37:19 దగ్గర మొదలైందని నమ్ముతుంది. 23.976 ప్రాజెక్టు అదే సంఖ్యను 1.001తో భాగించినట్టుగా చదివి 10:30:00:00 అని సరిగ్గా చెబుతుంది. ఆడియో చీటీ 37.8 సెకండ్లు ఎక్కువ చూపుతోంది కనుక, చిత్రంలోని ఏ క్షణానికైనా అంతకుముందు పలికిన మాట వచ్చి కూర్చుంటోంది. హరికథ సాయంత్రం 18:45కు మొదలైందనుకుని లెక్క వేస్తే తేడా 67.5 సెకండ్లు కావాలి. మీరు చూసిన "నిమిషం దాటిన తేడా" అదేనా కాదా అన్నది హరికథ క్లిప్పు మీద కొలిచి సరిపోల్చుకోండి. రెండు చోట్లా లెక్క కుదిరితే రోగ నిర్ధారణ పూర్తయినట్టే. ఒక చోట కుదిరి రెండో చోట కుదరకపోతే వేరే కారణం కూడా కలిసి ఉందని అర్థం, అప్పుడు తొందరపడి ఏదీ మార్చకండి.

చిత్రం వైపు కూడా ఒకసారి అడిగి నిర్ధారించుకోవడం మంచిది, ఎందుకంటే కెమెరా నిజంగానే 24 మీద ఉండి రికార్డరు మాత్రమే 23.976 మీద ఉన్న సందర్భాలూ ఉంటాయి, వాటికి మందు వేరు.

```
ffprobe -v error -select_streams v:0 -show_entries stream=r_frame_rate A001.MOV
```

జవాబు `24000/1001` అని వస్తే కెమెరా 23.976 మీదే తీసింది. ఇక చేయవలసిందల్లా ప్రస్తుత ప్రాజెక్టును పక్కన పెట్టి కొత్త ప్రాజెక్టు తెరిచి, ఒక్క ఫైలు కూడా లోపలికి తేకముందే Timeline frame rate దగ్గర 23.976 ఎంచుకోవడం. ఫుటేజి ఒకసారి మీడియా పూల్‌లోకి వచ్చాక ప్రాజెక్టులోని ఆ అంకె మారదు, అందుకే పాత ప్రాజెక్టును మరమ్మతు చేయాలని ప్రయత్నించకండి. ఆ తర్వాత క్లిప్పులన్నీ ఎంచుకుని Auto Sync Audioలో టైమ్‌కోడ్ ఆధారాన్ని తీసుకోండి. కెమెరా సొంత ధ్వనిని తీసివేయకుండా పక్క ట్రాకుల్లో ఉంచమని చెప్పండి. అది చివరి సినిమాలోకి రాదు గానీ సింక్ పరీక్షకు అదే సాక్షి.

ఇక్కడ ఒక తేడా గమనించాలి, వెనుక కెమెరాకు కూడా ఇదే పనికొస్తుంది. మీ మెయిన్ కెమెరా టేకు మొదట్లో 37.8 సెకండ్ల తేడా ఉంటే, ఆ టేకు చివర కూడా 37.8 సెకండ్లే ఉంటుంది. తప్పింది చీటీ మీది అంకె మాత్రమే, ధ్వని నడిచే వేగం కాదు. టేకు నుంచి టేకుకు తేడా పెరుగుతూ ఒక టేకు లోపల స్థిరంగా ఉంటే అది చీటీ తప్పు. ఒకే టేకు లోపల మొదటికీ చివరికీ తేడా మారితే అది వేగం తప్పు. ఈ రెండింటినీ కలగలిపి చూసినందువల్లనే చాలామంది రోజంతా ధ్వనిని అటూ ఇటూ జరుపుతూ గడుపుతారు.

టైమ్‌కోడ్ కలిశాక పని అయిపోయిందనుకుని లేవకూడదు. టైమ్‌కోడ్ మిమ్మల్ని వీధి వరకు తీసుకువస్తుంది, ఇల్లు చూపించేది క్లాప్. ఉదయం ప్రతి టేకుకూ క్లాప్ కొట్టామన్నారు కనుక ఆ శ్రమకు ఇప్పుడు ఫలితం దక్కుతుంది. ప్రతి క్లిప్పులోనూ క్లాప్ దగ్గరకు వెళ్లి ఒక్కో ఫ్రేముగా నడపండి. పై చెక్క కదులుతున్నప్పుడు అంచు చెదిరినట్టు మసకగా కనిపిస్తుంది. రెండు చెక్కలూ తాకి, ఆ మసక పోయి, అంచు నిలకడగా కనిపించిన మొదటి ఫ్రేము మీకు కావలసినది. రికార్డరు తరంగంలో సన్నని నిటారు శిఖరం ఆ ఫ్రేము మొదలు దగ్గర గానీ, దాని ముందు ఫ్రేము చివరి భాగంలో గానీ పడాలి. షట్టరు సాధారణంగా ప్రతి ఫ్రేములో సగం కాలం మూసి ఉంటుంది కనుక చెక్కలు నిజంగా తాకిన క్షణం ఆ చీకటిలో జారిపోయి ఉండవచ్చు. అందువల్ల సగం ఫ్రేము అటూ ఇటూ అయితే అది తప్పు కాదు. క్లాప్ కొట్టే ముందు "సీన్, షాట్, టేక్" చదివే గొంతును శిఖరం అనుకోకండి, చదివిన తర్వాత వచ్చే చప్పుడే లెక్క. చేతిలో బోర్డు సర్దుకునేటప్పుడు చెక్కలు చిన్నగా తాకి మరో శిఖరం వస్తుంది, అదీ వదిలేయండి.

ఈ పరీక్షలో మెయిన్ కెమెరా క్లిప్పులన్నీ ఒకే విధంగా, ఉదాహరణకు ఒక్క ఫ్రేము చొప్పున, తేడా చూపితే కంగారుపడవలసిన పని లేదు. టైమ్‌కోడును లోపలికి తీసుకుని చిత్రానికి అంటించడంలో కొన్ని కెమెరాలకు స్థిరమైన ఆలస్యం ఉంటుంది. అన్ని క్లిప్పులకూ ఒకే సవరణ ఇచ్చేస్తే చాలు. ఒక్కో క్లిప్పుకు ఒక్కో తేడా వస్తే మాత్రం ఆ రోజు బ్యాటరీ మార్చినప్పుడు బాక్సు ఊడిందా, కెమెరా తన సొంత గడియారం మీద నడిచిందా అని మీ కెమెరా మిత్రుడిని అడగండి. అలాంటి క్లిప్పులను టైమ్‌కోడును నమ్మకుండా క్లాప్ మీదే కలపాలి. అందుకు Media పేజీలో చిత్రాన్ని క్లాప్ ఫ్రేము మీద నిలిపి, ఆడియో ప్యానెల్‌లోని తరంగాన్ని శిఖరం మీద నిలిపి లింక్ చేసే వీలుంది.

ఇప్పుడు వెనుక కెమెరా. మీరు చెప్పిన ఒక్క వాక్యంలో రెండు వేరు తప్పులున్నాయి. మొదట్లోనే కనిపించిన ఆలస్యానికి కారణం గాలి, చివరికి పెరిగిన ఆలస్యానికి కారణం కెమెరా గడియారం.

తరంగాల పోలికతో సింక్ చేసే పద్ధతి కెమెరా విన్న ధ్వనినీ రికార్డరు విన్న ధ్వనినీ ఒకదాని మీద ఒకటి పరుస్తుంది. కెమెరా చూసినదాన్ని అది చూడదు. రికార్డరుకు ధ్వని హరిదాసు గారి ఛాతీ మీది లేపెల్ మైకు నుంచి గానీ సభ మిక్సరు నుంచి గానీ తీగ ద్వారా తక్షణం వస్తుంది. వెనుక కెమెరా మైకుకు అదే ధ్వని స్పీకరు నుంచి గాలిలో నడిచి రావాలి. మన చెన్నై వేడిలో, అంటే 30 డిగ్రీల దగ్గర, ధ్వని సెకండుకు సుమారు 349 మీటర్లు పోతుంది. ఒక ఫ్రేము కాలం 41.7 మిల్లీసెకండ్లు కనుక ఒక్క ఫ్రేములో అది నడిచే దూరం పద్నాలుగున్నర మీటర్లు. మీ కెమెరా వేదిక పక్క స్పీకర్లకు 20 మీటర్ల దూరంలో ఉందనుకుంటే అది వినేది 57 మిల్లీసెకండ్లు, అంటే దాదాపు ఒకటిన్నర ఫ్రేము, ఆలస్యంగా. వెలుతురు మాత్రం వెంటనే చేరుతుంది. సాఫ్ట్‌వేర్ రికార్డరు ధ్వనిని ఆ ఆలస్యపు ధ్వనికి అచ్చంగా అతికించింది, దాంతో ఆ ఆలస్యం కూడా అతుక్కుంది. సాఫ్ట్‌వేర్ తన పని సరిగ్గానే చేసింది; దానికి ఇచ్చిన ప్రశ్నే వేరు. కొలవవలసిన దూరం కళాకారుడి నుంచి కాదు, కెమెరా మైకుకు దగ్గరలో గట్టిగా వినిపించిన స్పీకరు నుంచి అని గుర్తుంచుకోండి. హాలు మధ్యలో మరో స్పీకరు ఉంటే లెక్క పూర్తిగా మారుతుంది.

అయితే టేపు పట్టుకుని సభకు వెళ్లి కొలవనవసరం లేదు. క్లాప్ అందకపోయినా మీ చిత్రంలోనే క్లాప్ ఉంది. హరిదాసు గారి చేతిలోని చిడతలు చూడండి. రెండు చెక్కలు తాకడం కంటికి కనిపిస్తుంది, తరంగంలో పదునైన శిఖరం ఇస్తుంది, ఇంతకంటే ఏం కావాలి? ఒక్క జాగ్రత్త మాత్రం అవసరం. తాళం నడుస్తున్నప్పుడు చిడతల దెబ్బలు ఒకేలా వరుసగా పడతాయి కాబట్టి, పొరపాటున పక్క దెబ్బకు కలిపేస్తే అంతా సరిగ్గా ఉన్నట్టే కనిపిస్తూ పాట మొత్తం ఒక దెబ్బ తప్పి నడుస్తుంది. అందుచేత వచనం చెప్పి ఆగి, మళ్లీ కీర్తన ఎత్తుకునేటప్పుడు పడే మొదటి దెబ్బను ఎంచుకోండి. దాని ముందు నిశ్శబ్దం ఉంటుంది కనుక తికమక ఉండదు. వెనుక నుంచి చూసేటప్పుడు చిడతలు చిన్నగా కనిపిస్తాయి, చిత్రాన్ని రెండింతలు పెద్దది చేసి చూడండి. ఆ మొదటి దెబ్బ మీద రికార్డరు శిఖరాన్ని ఒకటి లేదా రెండు ఫ్రేములు ముందుకు తెచ్చి చూస్తే గాలి వల్ల వచ్చిన ఆలస్యం పోతుంది. ఎన్ని ఫ్రేములన్నది చిడతలే చెబుతాయి, నా లెక్క కంటే మీ చిత్రాన్ని నమ్మండి.

ఇప్పుడు అదే పనిని కథ చివర, మంగళం దగ్గర, మరోసారి చేయండి. మొదట సరిచేసినది చివర కూడా సరిగ్గా ఉంటే సంతోషం. మీరు రాసినదాన్ని బట్టి ఉండదు. చివర ఎన్ని ఫ్రేముల తేడా వచ్చిందో లెక్కపెట్టండి, ఆ సంఖ్య పరిమాణమే కారణం చెబుతుంది. గంటకు 3.6 సెకండ్లు, అంటే 86 ఫ్రేములు, తేడా ఉంటే మళ్లీ ఆ వెయ్యో వంతే, ఏదో ఒక రేటును ఎక్కడో తప్పుగా చదివారు. రెండు, మూడు, నాలుగు ఫ్రేములైతే అది కెమెరా లోపలి క్వార్ట్జ్ గడియారం. మామూలు స్ఫటికాలు పది లక్షలలో కొన్ని పదుల వంతు తేడాతో నడుస్తాయి. గంటకు మూడు ఫ్రేములంటే పది లక్షలలో 35 వంతులు, చవక కెమెరాకు అది సాధారణమే. టైమ్‌కోడ్ బాక్సుల్లోని ఉష్ణోగ్రతకు సర్దుకునే స్ఫటికాలు రోజంతా నడిచినా ఒక ఫ్రేము లోపలే ఉండేలా తయారవుతాయి, వాటికి ఖరీదు అందుకే.

మెయిన్ కెమెరాలో కూడా ఇదే పరీక్ష చేయడం మానకండి. టైమ్‌కోడ్ తగిలించిన కెమెరా జారదన్న నమ్మకం చాలామందిలో ఉంది. బాక్సు చెప్పేది ఫ్రేములకు పేరు మాత్రమే, ఫ్రేములు ఏ వేగంతో పడాలో చెప్పదు. వేగాన్ని కూడా బయటి నుంచి శాసించాలంటే జెన్‌లాక్ సౌకర్యం ఉన్న కెమెరా కావాలి. సాధారణంగా చిత్రం ఫైలులో మొదటి ఫ్రేము టైమ్‌కోడు ఒక్కటే నమోదై, మిగతా ఫ్రేములు దాని నుంచి వరుసగా లెక్కించబడతాయి కనుక, గంట సేపటి టేకులో మొదట కుదిరిన టైమ్‌కోడు చివర కూడా కుదిరినట్టే చూపిస్తూ పెదవులు మాత్రం జారిపోవచ్చు.

తేడా మూడు ఫ్రేములు అనుకుని సరిచేద్దాం. ధ్వనిని సాగదీయకండి. రెండు కెమెరాలకూ ఒకే ఆధారం రికార్డరు. దాన్ని ఒక కెమెరా కోసం మారిస్తే రెండోది తప్పుతుంది, పైగా హార్మోనియం శ్రుతి మీద సాగతీత మచ్చ వినబడే ప్రమాదం ఉంది. మారవలసింది వెనుక కెమెరా చిత్రం. మాట ఆలస్యంగా వస్తోందంటే ఆ కెమెరా గడియారం నెమ్మదిగా నడిచి గంటలో మూడు ఫ్రేములు తక్కువ తీసింది, అందువల్ల చిత్రం ముందే పరుగెడుతోంది. తేడా ఇరవై నిమిషాలకు ఒక ఫ్రేము చొప్పున పేరుకుంటుంది. చిత్రాన్ని పదో నిమిషం, ముప్పయ్యో నిమిషం, యాభయ్యో నిమిషం దగ్గర కోసి, ప్రతి కోత తర్వాతి భాగాన్ని ఒక్కో ఫ్రేము ఆలస్యంగా మొదలయ్యేలా జరిపితే, గంట పొడవునా ఎక్కడా తప్పు సగం ఫ్రేము దాటదు. ప్రతి కోత దగ్గరా ఒక ఫ్రేము ఖాళీ ఏర్పడుతుంది. అది నల్లగా మెరవకుండా, కోతను సభ చప్పట్లు కొట్టే చోట గానీ హరిదాసు గారు నీళ్లు తాగే చోట గానీ పెట్టి, ఆ చోట ఎడిటింగులో మెయిన్ కెమెరాకు మారిపోవాలని మార్కరు వేసుకోండి. కెమెరా వేగంగా నడిచి చిత్రం పొడవైన సందర్భం ఎదురైతే పని ఇంకా తేలిక, అప్పుడు ఒక్కో ఫ్రేము తీసివేయడమే.

సగం ఫ్రేము, ఒక ఫ్రేము కోసం ఇంత తాపత్రయం అవసరమా అని మీ దర్శకుడు అడగవచ్చు. ప్రసార ప్రమాణాలకు సంబంధించి అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ సిఫారసు బీటీ 1359 ప్రకారం, ధ్వని చిత్రం కంటే 45 మిల్లీసెకండ్లు ముందుగా వచ్చినా, 125 మిల్లీసెకండ్లు ఆలస్యంగా వచ్చినా మనిషి పసిగట్టగలడు. లోకంలో చప్పుడు ఎప్పుడూ చూపు తర్వాతే చేరుతుంది కనుక ఆలస్యాన్ని మన చెవి కొంత క్షమిస్తుంది, ముందుగా రావడాన్ని క్షమించదు. మీ వెనుక కెమెరాలో గాలి వల్ల 57, గడియారం వల్ల 125 మిల్లీసెకండ్లు కలిసి చివరికి 180 దాటుతోంది. సంభాషణలో సరిపెట్టుకునేవారు ఉంటారేమో గానీ, చిడతలు మోగేచోట చేయి పైకి లేస్తుండగా చప్పుడు వినిపిస్తే ప్రతి ప్రేక్షకుడికీ తెలిసిపోతుంది.

ఇక ఎడిటింగు ముందా, సింకు ముందా అన్న మాట. సింక్ చేసిన క్లిప్పు ఒక్కసారి సరిచేస్తే దాని నుంచి కోసిన ప్రతి ముక్కకూ ఆ సవరణ వెంట వస్తుంది. కెమెరా ధ్వనితో ముందే కోసేస్తే ఒక్క హరికథ క్లిప్పే వందల ముక్కలై టైమ్‌లైన్ నిండా చెదిరిపోతుంది. ఆ ముక్కల్లో చాలావాటిలో క్లాపూ ఉండదు, చిడతల మొదటి దెబ్బా ఉండదు, దేని మీద కలపాలి? పైగా గంట మొదట్లోని ముక్కకు పట్టే సవరణ వేరు, చివరి ముక్కకు వేరు. మరొక కారణం సౌండ్ వారిది. ఎడిటింగు అయ్యాక, కోతల వివరాలను మరో సాఫ్ట్‌వేర్‌కు అందించే ఏఏఎఫ్ ఫైలు రూపంలో వారికి పంపినప్పుడు, ప్రతి ముక్క వెనుకా అసలు వేవ్ ఫైలు పేరు, సరైన టైమ్‌కోడు ఉంటేనే లేపెల్, బూమ్, మిక్సరు ట్రాకులను విడివిడిగా తిరిగి తెచ్చుకోగలరు. కెమెరా ధ్వని మీద కోసిన టైమ్‌లైన్‌లో ఆ పేర్లేవీ ఉండవు. మన దక్షిణాది చిత్రాల్లో చాలాకాలం లొకేషన్ ధ్వనిని పైలట్ ట్రాకుగా మాత్రమే వాడి తర్వాత డబ్బింగ్ చెప్పించేవారు కనుక "తర్వాత చూసుకుందాం" అన్న అలవాటు పాతుకుపోయింది. హరికథకు డబ్బింగ్ ఎవరు చెబుతారు?

మళ్లీ చిత్రించే అవకాశం ఉంటే రెండో బాక్సు ఒకటి అద్దెకు తెచ్చుకోండి. వెనుక కెమెరాకు టైమ్‌కోడ్ ఇన్‌పుట్ లేకపోయినా, బాక్సు పంపే ఎల్‌టీసీ సంకేతం కూడా ధ్వనే కనుక కెమెరా మైకు సాకెట్‌లోని ఒక ఛానెల్‌కు దాన్ని ఇచ్చి, రెండో ఛానెల్‌లో హాలు ధ్వనిని ఉంచవచ్చు. ఆటో లెవెల్ ఆపేసి, మీటరు గరిష్ఠానికి తగలకుండా మధ్యస్థంగా ఉంచండి. సంకేతం చిరిగితే చదవడం సాధ్యం కాదు. రిజాల్వ్‌లో Update Timecode from Audio Track అన్న ఆదేశం ఆ ఛానెల్ నుంచి సమయాన్ని చదివి క్లిప్పుకు అంటిస్తుంది. గంట పొడవునా నడిచే ఆ సంకేతం మరో మేలు చేస్తుంది: కెమెరా గడియారం ఎంత జారిందో క్లిప్పు చివరి సంకేతమే చెబుతుంది. రెండు కెమెరాలూ రోల్ అయ్యాక ఒకే క్లాప్ కొట్టండి, హాలు వెనుకకు కనిపించేలా బోర్డును ఎత్తి పట్టుకోండి. కథ ముగిశాక కెమెరాలు ఆపక ముందే బోర్డును తలకిందులు చేసి మరో క్లాప్ కొట్టండి, తలకిందుల బోర్డు చూడగానే అది చివరి క్లాప్ అని ఎడిటింగులో ఎవరికైనా అర్థమవుతుంది. బోర్డు మీద ఫ్రేమ్ రేటు రాసే గడిలో "24" అని కాకుండా "23.976" అని పూర్తిగా రాయించండి.

ఇప్పటికి మాత్రం ఉదయం క్లిప్పులతో మొదలుపెట్టండి. కొత్త ప్రాజెక్టులో పదిన్నర గంటల టేకు క్లాప్ కుదిరిందో లేదో చూశాక, సాయంత్రం హరికథ మొదటి క్లాప్ చూడండి. రెండూ కుదిరితే మెయిన్ కెమెరా మొత్తం కుదిరినట్టే లెక్క. ఆ తర్వాత హరికథను మెయిన్ కెమెరాలో మంగళం వరకు నడిపి చివర చిడతల దెబ్బ సరిచూసి, అప్పుడు వెనుక కెమెరాను దానికి కలపండి. వెనుక కెమెరాలో గాలి వల్ల వచ్చిన తేడాను ముందు తీసివేసి, గడియారం తేడాను ఆ తర్వాతే కొలవండి. క్రమం తారుమారైతే మొదటి దాని ఒకటిన్నర ఫ్రేము రెండో లెక్కలో కలిసిపోయి, కోతలు ఎక్కడ పెట్టాలో తప్పుగా వస్తుంది.